ఒంటరిగా మిగిలే 1

బహుపది అసమీకరణాలకు విద్యార్థులు ఒక చిట్కా పట్టుకుని ఉంటారు: మూలాలను సంఖ్యారేఖ మీద గుర్తించి, కుడి చివర నుంచి ప్లస్, మైనస్, ప్లస్ అని మార్చుకుంటూ పోవడమే. చాలా లెక్కల్లో అది పనిచేస్తుంది. అందుకే అది పనిచేయని చోట ఎవరికీ అనుమానం రాదు.

x³ ≤ 3x − 2 ఏ విలువలకు నిజమో చూద్దాం. ముందు అన్నీ ఒకవైపుకు తెచ్చి, రెండో వైపు సున్నా ఉంచాలి: x³ − 3x + 2 ≤ 0. గుణకాలు 1, −3, 2 కలిపితే సున్నా, కాబట్టి 1 ఒక మూలం. (x − 1)తో భాగిస్తే x² + x − 2 మిగులుతుంది. దాన్నీ విడదీస్తే మొత్తం (x − 1)²(x + 2) ≤ 0 అవుతుంది.

మూలాలు −2, 1. ఇవి సంఖ్యారేఖను మూడు ముక్కలు చేస్తాయి. ఒక్కో ముక్కలో గుర్తు మారదు. గడప తొక్కకుండా ఇంట్లోంచి వీధిలోకి పోలేనట్టే, సున్నాను తాకకుండా బహుపది విలువ ధనం నుంచి రుణానికి పోలేదు. కనుక ముక్కకొక సంఖ్య వేసి చూస్తే చాలు. −3 దగ్గర −16, 0 దగ్గర 2, 2 దగ్గర 4. అంటే గుర్తులు ఎడమ నుంచి మైనస్, ప్లస్, ప్లస్.

1 దగ్గర గుర్తు ఎందుకు మారలేదు? అక్కడ (x + 2) ఎటు చూసినా దాదాపు 3. (x − 1) మాత్రం 0.9 దగ్గర −0.1, 1.1 దగ్గర 0.1. వర్గం చేస్తే రెండూ 0.01. బహుపది సున్నాను తాకి మళ్లీ పైకే పోయింది. ఘాతం 3 అయి ఉంటే −0.001, 0.001 వచ్చి గుర్తు మారేది. సరిసంఖ్య ఘాతమైతే మారదు, బేసి అయితే మారుతుంది.

చిట్కాను నమ్మినవాళ్లకు జవాబు −2 నుంచి 1 వరకు అని వస్తుంది. అందులోని 0ను మొదటి అసమీకరణంలో వేస్తే 0 ≤ −2! ఈ పరీక్షకు పది సెకన్లు పట్టదు, అయినా చేసేవాళ్లు తక్కువ.

సరైన జవాబు x ≤ −2, దానితోపాటు x = 1. అక్కడ విలువ సున్నా, గుర్తులో 'సమానం' కూడా ఉంది కాబట్టి ఆ ఒక్క బిందువు చేరుతుంది. తెలివైనవాళ్లు జారేదీ ఇక్కడే. వర్గం ఎప్పుడూ ధనమే కదా అని (x − 1)²తో రెండువైపులా భాగించేస్తారు. X + 2 ≤ 0 మిగులుతుంది, 1 మాయమవుతుంది. x = 1 అయినప్పుడు వాళ్లు భాగించింది సున్నాతో. అదే ≤ బదులు < ఉంటే 1 జవాబులోకి రాదు, x < −2 ఒక్కటే మిగులుతుంది. గుర్తు తిరగబడి > అయితే −2 దాటినవన్నీ వస్తాయి, మధ్యలో 1 దగ్గర మాత్రం ఒక చిల్లు ఉంటుంది.