‘ఫోన్ లో’నా, ‘ఫోనులో’నా?

‘నా ఫోన్ లో ఛార్జింగ్ లేదు’ అని రాసేవాళ్లు ఎక్కువ. ‘లో’ విడి మాట కాదు, విభక్తి. ఎడం ఇస్తే ‘ఫోన్’ వరుస చివర ఆగిపోయి, ‘లో’ ఒంటరిగా కింది వరుసకు జారిపోవచ్చు. ఎడం లేకుండా టైపు చేస్తే ‘ఫోన్లో’ అని నకారం కింద లవత్తు పడుతుంది. అది ఫరవాలేదు గానీ ‘వాట్సాప్లో’ దగ్గర కన్ను తడబడుతుంది. పొల్లు తర్వాత కంటికి కనిపించని U+200C గుర్తు పెడితే ‘వాట్సాప్‌లో’ అని విడిగా, అతికే ఉంటుంది.

నాకు మాత్రం ‘ఫోనులో’ ఇష్టం. తెలుగు మాట అచ్చుతో ముగియడానికే మొగ్గుతుంది. అందుకే బస్ ‘బస్సు’ అయింది, కార్ ‘కారు’ అయింది. హ్రస్వం తర్వాత హల్లు రెట్టిస్తుంది. దీర్ఘం తర్వాత చాలావరకు రెట్టించదు, ‘రోడ్డు’ లాంటివి తప్ప. రాతలో ‘బస్సుకు’ అంటాం, ఇకారం చివరుంటే ‘కంపెనీకి’.

ఇంగ్లీషు క్రియకు మన కాలప్రత్యయం నేరుగా అతకదు. ‘చేయు’, ‘అవు’ తోడు కావాలి. ‘ఫొటోలు డిలీట్ చేశాను’ అంటే చేసింది నేను. ‘డిలీట్ అయ్యాయి’ అంటే ఎవరు చేశారో ఆ వాక్యం చెప్పదు.