సుగటూరు చిట్టా, పక్క పేజీ సగటు

మా ఊరు సుగటూరు, కోలారు జిల్లా. ఇంట్లో అటక మీద తాతగారి నాన్న రాసిన చిట్టా పుస్తకాలు నాలుగున్నాయి. రాగులు ఎన్ని పోశారు, పట్టుగూళ్ళు ఎంతకి పోయాయి, ఎవరికి ఎంత చేబదులు ఇచ్చారు, అన్నీ తెలుగులోనే. అంచులు పొడి రాలిపోతున్నాయి. మా అవ్వకి కళ్ళు సరిగ్గా ఆనవు, అయినా ఆ పుస్తకంలో ఒకచోట వాళ్ళ నాన్న పేరు ఉందని, అది చదివి వినిపించమని సంక్రాంతి సెలవుల్లో నా వెంట పడింది. కాగితం పసుపు, సిరా గోధుమ రంగు. మామూలు కంటికి సగం అక్షరాలు కనబడవు. సరే అని ఫోన్‌తో పేజీలన్నీ ఫోటోలు తీసి, ఏ చుక్క సిరా, ఏ చుక్క కాగితం అని విడదీసే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ ఒకటి నేర్పించడానికి కూర్చున్నాను. ఈసారి గోడ పత్రికకి అందులో నేను తిన్న దెబ్బ గురించే రాస్తున్నాను.

ఫోటోలు చిన్నవి చేస్తే పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ మన లిపి ఒప్పుకోదు. ద కి, ధ కి తేడా కింద ఉన్న ఆ చిన్న గీతే కదా! ఫోటో కుదిస్తే మొదట పోయేది అదే, తర్వాత తలకట్లు. కాబట్టి పెద్ద ఫోటోలే ఇవ్వాలి. పెద్దవి ఇస్తే గ్రాఫిక్స్ కార్డు జ్ఞాపకశక్తిలో ఒకేసారి రెండు పేజీలకు మించి పట్టవు. ఒకేసారి ఇచ్చే ఈ కట్టనే బ్యాచ్ అంటారు. నా బ్యాచ్ సైజు రెండు. తంటా అంతా అక్కడే మొదలైంది.

నేర్పించేటప్పుడు తెర మీద ఫలితం బ్రహ్మాండంగా ఉంది. తప్పులు రోజురోజుకీ తగ్గాయి. తీరా పరీక్షకని ఒక్కో పేజీ విడిగా ఇస్తే, కొన్ని పేజీలు మొత్తం తెల్లగా వచ్చాయి. ఒక్క అక్షరం లేదు. అవ్వ అడిగిన పేజీ కూడా అందులోనే ఉంది. దాన్ని నేను రాత్రి కరెంటు లేనప్పుడు టార్చి వెలుగులో ఫోటో తీశాను. వెలుగు చాలలేదేమో అనుకుని మళ్ళీ పగలు తీశాను. అయినా అంతే. తప్పు ఫోటోది కాదు, నెట్‌వర్క్ మధ్యలో ఉన్న బ్యాచ్ నార్మలైజేషన్ అనే పొరది.

ఆ పొర చేసే పని ఇది. నెట్‌వర్క్‌లో ఒక్కో పొర ఫోటో నుంచి ఎన్నో రకాల గుర్తులను బయటకి తీస్తుంది. ఒకటి నిలువు గీతలకు స్పందిస్తుంది, ఇంకొకటి ఒంపులకు. ఈ ఒక్కో రకాన్ని ఛానెల్ అంటారు. ఛానెళ్ళలో అంకెలు ఇష్టమొచ్చినట్టు పెరిగిపోతే తర్వాతి పొర నేర్చుకోలేదు. అందుకని 2015లో సెర్గీ ఐయోఫ్, క్రిస్టియన్ సెగెడీ అనే ఇద్దరు ఒక ఉపాయం చెప్పారు. ఒక ఛానెల్‌లో, బ్యాచ్‌లో ఉన్న ఫోటోలన్నింటి అంకెలనూ కలిపి సగటు కట్టు, అవి సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో, అంటే విచలనం, అదీ కట్టు. ప్రతి అంకె నుంచి సగటు తీసేసి విచలనంతో భాగించు. బ్యాచ్‌లో ముప్ఫై రెండు ఫోటోలుంటే ఇది చక్కగా పనిచేస్తుంది. ముప్ఫై రెండింటి సగటు కాస్త నిలకడగా ఉంటుంది కాబట్టి.

రెండే ఉంటే? ఒక క్లాసులో ఇద్దరే పిల్లలు ఉన్నారనుకోండి. ఒకరికి 10 మార్కులు, ఇంకొకరికి 12. సగటు 11, విచలనం 1. లెక్క కడితే ఒకరు −1, ఇంకొకరు +1. ఇప్పుడు 10, 90 అనుకోండి. సగటు 50, విచలనం 40. మళ్ళీ −1, +1! రెండు మార్కుల తేడా, ఎనభై మార్కుల తేడా ఒకటే అయిపోయాయి. ఫోటోల్లో ఇంత ఘోరంగా ఉండదు, ఎందుకంటే ఒక్కో ఫోటోలో లక్షల చుక్కలు ఉంటాయి, అవన్నీ సగటులోకి వస్తాయి. కానీ ఒకే పేజీలోని చుక్కలు ఒకే వెలుగులో, ఒకే కాగితం మీద ఉన్నవి. చుక్కలెన్ని ఉన్నా పేజీలు రెండే.

నా పేజీలకే ఈ లెక్క వేసి చూపిస్తాను, అంకెలు మాత్రం సులువు కోసం గుండ్రం చేసినవి. టార్చి పేజీకి ఒక ఛానెల్‌లో సగటు 40, విచలనం 10. అందులో ఒక సిరా చుక్క విలువ 54. ఆ పేజీలో అది బాగా పైన ఉన్నట్టే. దాని పక్కన ఇంకో మసక పేజీ పడింది, సగటు 60, విచలనం అదే 10. రెండూ కలిపితే సగటు 50, విచలనం సుమారు 14. మన చుక్క (54 − 50) ÷ 14, అంటే +0.28. ఇంకో రోజు అదే పేజీ పక్కన ఎండలో తీసిన పేజీ పడింది, సగటు 140. రెండూ కలిపితే సగటు 90, విచలనం సుమారు 51. అదే చుక్క ఇప్పుడు (54 − 90) ÷ 51, అంటే −0.71. చుక్క మారలేదు, పేజీ మారలేదు, పక్కన కూర్చున్నది మారింది, ప్లస్ కాస్తా మైనస్ అయింది. ఆ తర్వాత వచ్చే పొర మామూలుగా మైనస్‌లన్నింటినీ సున్నా చేసేస్తుంది. సిరా మాయం.

పరీక్ష సమయంలో ఇంకో చిక్కు. అప్పుడు పేజీ ఒక్కటే వస్తుంది, పక్కన ఎవరూ ఉండరు. అందుకని నేర్చుకునేటప్పుడు వచ్చిన సగటులను ఆ పొర దాచుకుని, వాటినే వాడుతుంది. పైటార్చ్‌లో మనం ఏమీ మార్చకపోతే ప్రతిసారీ పాత సగటులో తొంభై శాతం ఉంచి, కొత్తదాన్ని పది శాతం కలుపుతుంది. కూడి చూస్తే, దాచుకున్న దాంట్లో దాదాపు మూడింట రెండు వంతులు చివరి పది బ్యాచ్‌లవే. నాకైతే అవి ఇరవై పేజీలే. ఆ ఇరవైలో ఎండ పేజీలు ఎక్కువ పడితే టార్చి పేజీ గతి అంతే.

ఇదే జబ్బు అని తేల్చుకోవడానికి నేను చేసినది మీరూ చేయవచ్చు. బాగా నేర్చుకున్న ఒక పేజీనే తీసుకుని `model.train()` పెట్టి ఒకసారి, `model.eval()` పెట్టి ఒకసారి ఇచ్చి చూడండి. ఒక దాంట్లో అక్షరాలు వచ్చి ఇంకోదాంట్లో రాకపోతే మొదట ఈ పొరనే అనుమానించాలి. నాకు అలాగే జరిగింది. తర్వాత `train` లోనే పక్క పేజీ మార్చి మార్చి చూశాను. ప్రతిసారీ మొదటి పేజీ జవాబు మారింది. చూసి నవ్వొచ్చింది. సుగటూరు పిల్లకి సగటుతో గొడవ!

దీనికి ముందు నేను ఒక తప్పు మందు వేశాను, అది కూడా చెప్పాలి. రెండేసి పేజీలు ఎనిమిది సార్లు ఇచ్చి, సవరింపులన్నీ పోగుచేసి ఒకేసారి వేస్తే పదహారు పేజీల బ్యాచ్‌తో సమానం కదా అనుకున్నాను. సవరింపు వరకు అది నిజమే. కానీ సగటు కట్టేది పేజీలు లోపలికి వెళ్ళే క్షణంలో. అప్పుడు ఉన్నవి రెండే. కాబట్టి రెండు వారాలు ఊరికే పోయాయి.

అసలు పక్క పేజీతో పనేముంది, ఏ పేజీ సగటు ఆ పేజీలోనే కట్టుకోవచ్చు కదా? 2016లో జిమ్మీ బా, జేమీ కీరోస్, జెఫ్రీ హింటన్ చెప్పిన లేయర్ నార్మలైజేషన్ ఇదే. మన డిపార్ట్‌మెంట్ వాళ్ళకి ఇది వాక్యాలతో సులువుగా అర్థమవుతుంది. ఒక బ్యాచ్‌లో నాలుగు మాటల వాక్యం, ముప్ఫై మాటల వాక్యం ఉన్నాయనుకోండి. ఇరవయ్యో మాట దగ్గర సగటు కట్టాలంటే అక్కడ మిగిలింది ఒక్క వాక్యమే. ఆ మాటకి ఆ మాట లోపలి అంకెలతోనే సగటు కట్టుకుంటే ఈ ఇబ్బంది లేదు. అందుకే 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్‌లో ఈ పొరనే పెట్టారు.

నేను ముందు దీన్నే ప్రయత్నించాను. తెల్ల పేజీలు పోయాయి, కానీ సన్నని గీతలు బాగా రాలేదు. కారణం ఊహించవచ్చు. ఫోటో నెట్‌వర్క్‌లో లేయర్ నార్మలైజేషన్ పేజీలోని ఛానెళ్ళన్నింటినీ ఒకే గంపలో వేసి సగటు కడుతుంది. కాగితం వెలుగుకు స్పందించే ఛానెల్ అంకెలు పెద్దవి, తలకట్టు కొసకి స్పందించేవి చిన్నవి. పెద్దవాటి కింద చిన్నవి నలిగిపోతాయి.

2018లో యూషిన్ వూ, కైమింగ్ హే ఈ రెండింటికీ మధ్య దారి చూపారు, అదే గ్రూప్ నార్మలైజేషన్. పేజీ ఒక్కటే, కానీ దాని ఛానెళ్ళను కొన్ని గుంపులు చేసి, ఏ గుంపు సగటు ఆ గుంపులో కట్టాలి. నా నెట్‌వర్క్‌లో ఒక పొరకి 64 ఛానెళ్ళు. ఎనిమిది గుంపులు చేస్తే గుంపుకి ఎనిమిది. మార్చాల్సింది ఇంతే:

```python
# nn.BatchNorm2d(64)
nn.GroupNorm(8, 64)
```

మొదటి అంకె గుంపులు, రెండోది ఛానెళ్ళు. ఛానెళ్ళ సంఖ్య గుంపుల సంఖ్యతో నిశ్శేషంగా భాగింపబడాలి, లేకపోతే ఒప్పుకోదు. పై లెక్కలోని చుక్కకే వస్తే, దాని గుంపు సగటు 40, విచలనం 10 అనుకుంటే అది ఎప్పుడూ +1.4. పక్కన టార్చి పేజీ ఉన్నా, ఎండ పేజీ ఉన్నా, ఎవరూ లేకపోయినా. దాచుకోవాల్సిన సగటు కూడా లేదు కనుక నేర్చుకునేటప్పుడు ఒక లెక్క, పరీక్షలో ఒక లెక్క అనేది ఉండదు.

అలా అని బ్యాచ్ నార్మలైజేషన్ పనికిరానిదని కాదు. వూ, హే ఇచ్చిన అంకెలే చూడండి. ఇమేజ్‌నెట్ ఫోటోల మీద రెస్‌నెట్-50 నెట్‌వర్క్‌కి ఒక్కో కార్డులో 32 ఫోటోలు ఇస్తే బ్యాచ్ పద్ధతి తప్పులు 23.6 శాతం, గ్రూప్ పద్ధతివి 24.1. అంటే పెద్ద బ్యాచ్ ఉన్నవాళ్ళకి పాతదే కాస్త మెరుగు. ఫోటోలు రెండుకి తగ్గించగానే మొదటిది 34.7కి ఎగబాకింది, రెండోది 24.1 దగ్గరే నిలబడింది. ఇంకొక జాగ్రత్త: ఎవరో ముందే నేర్పిన నెట్‌వర్క్ తెచ్చుకుని అందులో పొర మాత్రం మార్చేస్తే కుదరదు, దాని మిగతా అంకెలన్నీ పాత పొరకి అలవాటు పడి ఉంటాయి. మళ్ళీ బాగా నేర్పించాలి. లేదంటే పాత పొర దాచుకున్న సగటులను కదలకుండా బిగించి అలాగే వాడుకోవాలి. నాది మొదటినుంచీ నేనే నేర్పినది కాబట్టి మార్చి, మళ్ళీ మొదటినుంచి నడిపాను.

టార్చి పేజీలో అక్షరాలు వచ్చాయి. అవ్వ వాళ్ళ నాన్న పేరు మూడో వరసలో ఉంది, పక్కన పన్నెండు రూపాయల చేబదులు, తీరినట్టు కొట్టివేత గీత. అవ్వ ఆ గీత గురించే రెండుసార్లు అడిగింది. వెనక పేజీ సిరా ఇటువైపు ఊరి వచ్చిన మరకలను మాత్రం నెట్‌వర్క్ ఇంకా అక్షరాలే అనుకుంటోంది. దానికి ఈ పొరతో సంబంధం లేదు, ఆ మరకలను చేత్తో గుర్తుపెట్టి మళ్ళీ నేర్పాలి. ఇప్పటికి పదకొండు పేజీలు గుర్తుపెట్టాను.