ఫోన్ ఫొటోలో తెర మార్చాలంటే

ప్రకటనల్లో ఫోన్ తెర మీద మనకు కనిపించే బొమ్మ చాలాసార్లు ఫొటో తీసినప్పటిది కాదు. ఫోన్ తెర ఆపేసి ఫొటో తీస్తారు, బొమ్మను తర్వాత ఫొటోషాప్‌లో పెడతారు. యాప్ రూపం మారినా, హిందీ తెర బదులు తెలుగు తెర చూపించాల్సి వచ్చినా మళ్లీ ఫొటో తీయక్కర్లేదు. అయితే అలా పెట్టిన బొమ్మ చాలాచోట్ల స్టిక్కరులా పైకి తేలిపోతుంది. చూసేవాళ్లకు తప్పెక్కడుందో చెప్పడం రాదు, కానీ ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

బల్ల మీద పడుకోబెట్టిన ఫోన్‌ను ఎదురుగా, కాస్త పై నుంచి తీసిన ఫొటో ఒకటి తీసుకుందాం. తెర మీద పెట్టాల్సిన స్క్రీన్‌షాట్ 1080 పిక్సెళ్ల వెడల్పు, 2400 పిక్సెళ్ల పొడవు. ఫొటోలో మనకు దగ్గరగా ఉన్న తెర అంచు 900 పిక్సెళ్లు, దూరంగా ఉన్న అంచు 600 పిక్సెళ్లు. స్క్రీన్‌షాట్ లేయర్‌ను ముందుగా Convert to Smart Object చేసుకోవాలి. తర్వాత Ctrl+T నొక్కి, రైట్ క్లిక్‌తో Distort ఎంచుకుని నాలుగు మూలలనూ లాగాలి.

ఎక్కువమంది పొరపడేది ఈ మూలల దగ్గరే. ఇప్పటి ఫోన్ల తెరలకు మూలలు గుండ్రంగా ఉంటాయి. స్క్రీన్‌షాట్ మూలను ఆ వంపు మీదికి లాగితే బొమ్మ తెర కన్నా చిన్నదైపోతుంది. తెర నాలుగు అంచుల వెంట గైడ్ గీతలు గీసి పొడిగిస్తే, అవి వంపు బయట ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. మూల అక్కడ ఉండాలి. బయటికి వచ్చిన ముక్కను పెన్ టూల్‌తో చేసిన మాస్క్ కత్తిరిస్తుంది. ముందు కెమెరా రంధ్రాన్ని కూడా ఆ మాస్క్‌లోంచి తీసేయాలి.

కోణం సరిగా కుదిరిందో లేదో చూడడానికి ఎదుటి మూలలను కలుపుతూ రెండు గీతలు గీయండి. స్క్రీన్‌షాట్ నడిమి బిందువు ఆ గీతలు కలిసే చోటే పడాలి. మన ఫొటోలో అది దగ్గరి అంచు నుంచి 60 శాతం ఎత్తులో ఉంటుంది, సగంలో కాదు. దగ్గరున్న సగం కంటికి పెద్దగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కువ చోటు తీసుకుంటుంది. సరిగ్గా 50 శాతం దగ్గర పడితే బొమ్మను ఊరికే నొక్కారన్నమాట. అక్షరాల వరుసలు దూరం పోయేకొద్దీ దగ్గర పడవు, ఫోన్ వంగినట్టుంటుంది. మూలలన్నీ సరిపోయినా నడుమ అంచులు బయటికి ఉబ్బితే తప్పు లెన్స్‌ది. ముందు ఆ వంపును సరిచేసి, ఆ తర్వాత మూలలు పెట్టాలి.

ఇక ప్రతిబింబం. నా దృష్టిలో ఫొటో నిలబడేదీ పడిపోయేదీ దీని దగ్గరే. తెర తానే వెలుగునిస్తుంది, పైనున్న గాజు గదిలోని కిటికీని చూపిస్తుంది. కంటికి చేరేది ఈ రెండు వెలుగుల కూడిక. ఆపేసిన తెరలో మనకు దొరికేది ప్రతిబింబం ఒక్కటే. అందుకే ఆ అసలు ఫొటోలోని తెర భాగాన్ని కాపీ చేసి, కొత్త బొమ్మ పైన పెట్టి, బ్లెండ్ మోడ్ Screen చేస్తే నలుపు మాయమై వెలుగు మాత్రం మిగులుతుంది. గాజు నలుపు పూర్తి నలుపు కాదు. 255లో 20 దాకా ఉంటే బొమ్మంతా మంచు కమ్మినట్టు కనిపిస్తుంది. Levelsలో ఎడమ పక్క గుర్తును అక్కడికి జరిపితే ఆ మసక పోతుంది.

ఇప్పుడు కిటికీ ప్రతిబింబం విలువ 120 అనుకుందాం. దాని కింద 30 విలువ ఉన్న ముదురు రంగు ఉంటే 136 అవుతుంది, ప్రతిబింబం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కింద 230 ఉంటే 242కే చేరుతుంది, లీలగా కనిపిస్తుంది. కింద పూర్తి తెలుపు, అంటే 255 ఉంటే అసలేమీ కనబడదు. నిజం తెర మీదా ఇంతే, ముదురు చోట్ల మెరుపు ఎక్కువ, తెల్లని చోట్ల తక్కువ. అందుకే స్క్రీన్‌షాట్ తెలుపును 230 దాకా తగ్గించుకోవడం మంచిది. బొమ్మంతటి మీదా ఒకే బలంతో ఏటవాలుగా గీసే తెల్ల చారను చూస్తే అది అబద్ధమని వెంటనే చెప్పేయొచ్చు.

దూరపు అంచు ఫొటోలో కాస్త మసకగా ఉంటే కొత్త బొమ్మనూ అక్కడ అంతే మసకపరచాలి. పదునైన అక్షరాల పక్కన మసక అంచు ఉంటే అతుకు బయటపడుతుంది. బల్ల నున్నగా మెరుస్తూ ఫోన్‌ను ప్రతిబింబిస్తుంటే, అందులో తెర కనిపించే మేరకు అదే స్మార్ట్ ఆబ్జెక్ట్ నకలును వేరే నాలుగు మూలలతో పెట్టాలి. పై బొమ్మను ఊరికే తలకిందులు చేస్తే ఏటవాలు ఫోన్‌కు సరిపోదు.

తెర వెలిగి ఉండగా తీసిన ఫొటోలో ఆ రెండు వెలుగులనూ విడదీయడం దాదాపు అసాధ్యం. కాబట్టి మీ వస్తువుకు ఫొటో తీయించుకునేటప్పుడు ట్రైపాడ్ కదపకుండా, ఎక్స్‌పోజర్ మార్చకుండా తెర ఆపేసి ఒకటి, వెలిగించి ఒకటి తీయమని ఫొటోగ్రాఫర్‌ను అడగండి. మొదటిది ప్రతిబింబాన్నిస్తుంది, రెండోది కొత్త బొమ్మ ఎంత వెలుగులో ఉండాలో చెబుతుంది.