కడప బండల హాలులో క్వయర్ రికార్డింగు: ఎదురుగా ఒక మైకు, పక్కలకు ఒక మైకు

క్రిస్మస్ కార్యక్రమం ముగిసిన రాత్రికే మన క్వయర్ పాటలు వాట్సాప్‌లోకి వచ్చేస్తాయి. మంచం దిగలేని పెద్దలు, కువైట్‌లో పనిచేస్తున్న పిల్లలు వాటిని ఎక్కువగా ఫోను స్పీకరులోనే వింటారు. అందులో ఎడమ, కుడి శబ్దాలు దాదాపు ఒకటిగా కలిసిపోతాయి. హెడ్‌ఫోన్‌లో నిండుగా వినిపించిన పాట అక్కడ డొల్లగా, బావిలోంచి వచ్చినట్టు వినిపించడానికి కారణం తరచుగా మైకులు పెట్టిన తీరే.

సాధారణంగా రెండు మైకులను వేదికకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి పెడతాం. ఎడమ పక్కన నిలబడిన అన్నకు ఒక మైకు దగ్గర, రెండోది మూడడుగులు ఎక్కువ దూరం అనుకోండి. ఆయన గొంతు రెండో మైకును సెకనులో వెయ్యింట మూడు వంతుల ఆలస్యంగా చేరుతుంది. రెంటినీ కలిపితే సుమారు 185 హెర్ట్జ్ దగ్గర ఒకటి మరొకదాన్ని చాలావరకు తినేస్తుంది. అది మగవారి గొంతు పలికే స్థాయే. గాయకుడు బాగానే పాడాడు, బేస్ మాత్రం పోయింది.

మిడ్-సైడ్ పద్ధతిలో ఈ ఆలస్యమే ఉండదు. ఒకే స్టాండు మీద రెండు మైకులను, వాటి తలలు దాదాపు తగిలేలా, ఒకదాని మీద ఒకటి పెట్టాలి. మొదటిది మిడ్: ముందువైపు మాత్రమే బాగా వినే కార్డియాయిడ్ మైకు, సూటిగా క్వయర్ వైపు. రెండోది సైడ్: ఫిగర్-ఎయిట్ మైకు. అది తన రెండు ముఖాల వైపు సమానంగా వింటుంది, మధ్య గీత వైపు దాదాపు చెవిటిది. ఆ చెవిటి వైపు క్వయర్‌కు ఎదురుగా ఉండాలి. దాని ముందు ముఖం, క్వయర్ వైపు చూస్తూ నిలబడిన మన ఎడమ చేతి వైపు ఉండాలి.

ఫిగర్-ఎయిట్‌లో ఎడమ నుంచి వచ్చిన శబ్దం ధనం అయితే, కుడి నుంచి వచ్చినది ఋణం. కాబట్టి మిడ్‌కు సైడ్‌ను కలిపితే ఎడమ ఛానెల్, తీసేస్తే కుడి ఛానెల్ వస్తాయి. స్టీరియోలో ఈ కూడిక, తీసివేతల ఆలోచన 1931లో ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ దాఖలు చేసిన పేటెంటులోనే ఉంది.

```
L = M + S
R = M - S
L + R = 2M
```

మూడో వరుసే మనకు ముఖ్యం. ఫోనులో రెండు ఛానెళ్లు కలిసినప్పుడు సైడ్ పూర్తిగా కొట్టుకుపోయి మిడ్ ఒక్కటే మిగులుతుంది. ఒక్క మైకుతో శుభ్రంగా తీసిన పాటే అది.

మన హాళ్లలో దీనివల్ల ఇంకో మేలుంది. కింద కడప బండలు, చుట్టూ సున్నం గోడలు. శబ్దం ఎటు పోయినా తిరిగొస్తుంది. పక్క గోడల ప్రతిధ్వనిలో ఎక్కువ భాగం సైడ్ మైకులోకే పోతుంది, కనుక ఫోనులో అది చాలావరకు తగ్గి మాటలు తేటపడతాయి. నేల ప్రతిధ్వని మాత్రం మిడ్‌లోకే వస్తుంది. క్వయర్‌కూ స్టాండుకూ మధ్య జంబుఖానాలు పరచండి.

ఇరవై మంది అర్ధచంద్రాకారంలో నిలబడ్డారనుకుందాం. ముందు వరుసకు ఎనిమిది తొమ్మిది అడుగుల దూరంలో, అంతే ఎత్తులో మైకులు పెట్టి కొంచెం కిందికి వంచితే వెనుక వరుస కూడా అందుతుంది. తబలాను మిడ్ మైకు ముందు కాకుండా ఒక పక్కకు జరపండి. హాలు స్పీకర్లు ఆపాలి, లేకపోతే పక్కనుండే ఆ డబ్బాలు సూటిగా సైడ్ మైకులోకి మోగుతాయి. ఎండాకాలమైనా పాట నడిచే నాలుగు నిమిషాలూ ఫ్యాన్లు ఆపక తప్పదు.

కంప్యూటరులో సైడ్ ట్రాకుకు నకలు తీసి, అసలును పూర్తిగా ఎడమకు, నకలును పూర్తిగా కుడికి జరిపి, నకలుకు మాత్రం Audacityలో `Invert` వాడాలి. మిడ్ నడుమనే ఉంటుంది. పరీక్ష సులభం: మిడ్‌ను ఆపి, రెండు సైడ్ ట్రాకులనూ నడుమకు తెస్తే నిశ్శబ్దం రావాలి. ఏదైనా వినబడితే రెంటి స్థాయిలు సమానంగా లేవు, లేదా ఒకటి తిరగబడలేదు. ఎడమ కుడులు తారుమారయ్యాయేమో తెలియడానికి, రికార్డింగు మొదట్లో ఒకరు ఎడమ చివర నిలబడి “ఎడమ” అని చప్పట్లు కొడితే చాలు.

మైకులు రెండూ సమానంగా పలికేలా చూసుకుని సైడ్‌ను మిడ్ కంటే 6 డెసిబెల్స్ తక్కువలో ఉంచితే, ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో పెట్టిన రెండు మైకుల్లా వినిపిస్తుంది. క్వయర్‌కు అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది. సైడ్ పెంచేకొద్దీ పాట వెడల్పవుతుంది, హాలు మోత కూడా పెరుగుతుంది. మిడ్‌ను దాటిపోతే నడిమి సోలో గొంతు పలచబడుతుంది. చివర్లలో నిలబడినవారు ఫోనులో కొంచెం వెనకబడటం ఈ పద్ధతికున్న లోటు. మిడ్‌కు 60 డిగ్రీల పక్కన ఉన్న గొంతు సుమారు రెండున్నర డెసిబెల్స్ తగ్గుతుంది. మెత్తని గొంతున్న ఆల్టో అక్కలను చివరకు నెట్టకుండా లోపలికి నిలబెట్టండి.

వెడల్పును తర్వాత కూడా మార్చుకోవచ్చు కనుక, కలిపిన పాటతోబాటు మిడ్, సైడ్ ట్రాకులను వేర్వేరుగా, పాట పేరు, తేదీ రాసి సంఘం హార్డ్‌డిస్కులో దాచండి.