యూరోలు యూరోలుగానే ఉంటే

బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఉండే ఒక తెలుగు జంట అనుకుందాం. కృష్ణా జిల్లా పెడన నుంచి కలంకారీ కుషన్ కవర్లు తెప్పించి, అమెజాన్ జర్మనీ సైట్‌లో అమ్ముతారు. కొనేవాళ్లు యూరోల్లో చెల్లిస్తారు. అమెజాన్ తన కమీషన్ కోసుకుని, మిగిలింది పౌండ్లుగా మార్చి, వీళ్ల బ్యాంకు ఖాతాలో వేస్తుంది. నెల తిరిగేసరికి జర్మనీ ప్రభుత్వానికి వ్యాట్ కట్టాలి. అది యూరోల్లోనే కట్టాలి. అట్టపెట్టెలు పంపే జర్మనీ వ్యాపారికీ యూరోలే ఇవ్వాలి. అంటే, నెల మొదట్లో పౌండ్లయిన డబ్బునే నెలాఖరున మళ్లీ యూరోలు చేయాలి. వెళ్లేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఇంకొకరు అందులో కొంత తీసుకుంటారు.

లెక్క వేసి చూస్తే సంగతి అర్థమవుతుంది. లెక్క సులువుగా ఉండటానికి యూరో విలువ 0.86 పౌండ్లు అనుకుందాం. నెలకు అమెజాన్ నుంచి రావలసింది 4,000 యూరోలు. అసలు రేటు ప్రకారం అది 3,440 పౌండ్లు. అమెజాన్ తన మార్పిడి సేవకు, అమ్మకందారు ఏడాది వ్యాపారాన్ని బట్టి, 0.75 నుంచి 1.5 శాతం దాకా తీసుకుంటుంది. చిన్న వ్యాపారులకు పడేది 1.5 శాతమే. కాబట్టి 51.60 పౌండ్లు అక్కడే పోయాయి. వ్యాట్‌కూ అట్టపెట్టెలకూ కలిపి 1,500 యూరోలు కావాలి. మామూలు బ్యాంకు ద్వారా కట్టినప్పుడు మార్పిడికి 3 శాతం పడిందనుకుంటే ఇంకో 38.70 పౌండ్లు. మొత్తం 90.30.

ఇందులో 58 పౌండ్లు ఆ 1,500 యూరోల మీద పోయినవే. అవి యూరోలుగా పుట్టాయి, యూరోలుగానే ఖర్చయ్యాయి. మధ్యలో పౌండ్ల అవతారం ఎత్తాల్సిన పని వాటికి లేదు.

బహుళ కరెన్సీ ఖాతా పనికొచ్చేది ఇక్కడే. ఒకే పేరు మీద, ఒకే లాగిన్ కింద, పౌండ్లకు ఒక అర, యూరోలకు ఒక అర, డాలర్లకు ఒక అర ఉంటాయి. ప్రతి అరకూ ఆ దేశపు తరహాలో సొంత ఖాతా నంబరు ఉంటుంది. యూరోలకైతే ఐబాన్, పౌండ్లకైతే సార్ట్ కోడ్‌తో కూడిన నంబరు, డాలర్లకైతే రూటింగ్ నంబరు. ఇద్దరు ఎస్టోనియా యువకులు 2011లో లండన్‌లో మొదలుపెట్టిన ట్రాన్స్‌ఫర్‌వైజ్, అంటే ఇప్పటి వైజ్, 2017లో ఇలాంటి ఖాతాను మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు పేయోనీర్, రెవల్యూట్, ఎయిర్‌వాలెక్స్ వంటివీ ఇస్తున్నాయి.

లెస్టర్ జంట చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. అమెజాన్ Seller Central లో Deposit Methods అనే చోటికి వెళ్లి, జర్మనీ సైట్‌కు ఎదురుగా ఉన్న పౌండ్ల ఖాతాను తీసేసి తమ యూరో ఐబాన్ ఇవ్వాలి. అక్కడ ఖాతాదారు పేరు అమెజాన్‌లో నమోదైన పేరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి. కంపెనీ పేరు మీద అమ్ముతూ సొంత పేరు మీద ఖాతా ఇస్తే చెల్లింపు ఆగిపోతుంది.

ఇక 4,000 యూరోలు యూరోలుగానే వస్తాయి. 1,500 నేరుగా జర్మనీకి వెళ్తాయి, మార్పిడి ఖర్చు సున్నా. మిగిలిన 2,500ను ఖాతాలోనే యూరోల అర నుంచి పౌండ్ల అరలోకి మార్చుకోవాలి. దానికి అర శాతం రుసుము అనుకుంటే 10.75 పౌండ్లు. నెలకు 79.55 పౌండ్లు మిగిలాయి. ఏడాదికి దాదాపు 955 పౌండ్లు. అంటే లాభానికి మూలం తక్కువ రుసుము ఒక్కటే కాదు. మార్చనవసరం లేని డబ్బును మార్చకపోవడం అంతకన్నా పెద్దది. ఆ కరెన్సీలో ఖర్చే లేనివాళ్లకు ఈ ఖాతా వల్ల వచ్చే మేలు బాగా తగ్గుతుంది.

రుసుమెంతో చూసుకోవడంలో చాలామంది ఒక చోట పొరబడతారు. ‘మార్పిడికి చార్జీ లేదు’ అని రాసి ఉంటే అంతటితో తృప్తి పడతారు. బ్యాంకులు తమలో తాము కొనే అమ్మే ధరల మధ్యన ఉండే రేటు ఒకటి ఉంటుంది. ఆ పూట వార్తల్లో, ఇంటర్నెట్‌లో కనిపించేది అదే. చార్జీ లేదన్న సంస్థ ఆ రేటుకు కాకుండా దానికి కాస్త దిగువ రేటుకు మారుస్తుంది. తేడా దాని జేబులోకి వెళ్తుంది. కనిపెట్టడం కష్టమేమీ కాదు. మార్చే ముందు ఆ నిమిషంలో ఉన్న అసలు రేటుతో గుణించి, ఎన్ని పౌండ్లు రావాలో కాగితం మీద రాసుకోవాలి. చేతికొచ్చిన పౌండ్లు అందులోంచి తీసేస్తే మిగిలేదే అసలు రుసుము, దానికి ఏ పేరు పెట్టినా సరే. పేపాల్‌లో ఈ తేడా 3, 4 శాతం దాకా ఉంటుంది.

వారాంతం సంగతి వేరే చెప్పాలి. శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం రాత్రి దాకా కరెన్సీ మార్కెట్ మూసి ఉంటుంది. సోమవారం రేటు ఎటు తిరిగినా తమకు దెబ్బ తగలకుండా కొన్ని సంస్థలు ఆ రెండు రోజులూ అదనంగా ఒక శాతం దాకా వేస్తాయి. దుకాణం పని చూసుకోవడానికి ఆదివారమే తీరిక దొరికేవాళ్లు లెక్కలు ఆదివారం రాసుకుని, మార్పిడి మాత్రం మంగళవారమో బుధవారమో చేసుకోవడం మేలు.

అన్ని సైట్లలోనూ ఈ కిటుకు పారదు. చేతిపనుల వస్తువులు అమ్మే ఎట్సీలో వస్తువు ధర ఒక కరెన్సీలో పెట్టి, ఎట్సీలోని చెల్లింపు ఖాతా ఇంకో కరెన్సీలో ఉంటే, ప్రతి అమ్మకం మీదా 2.5 శాతం మార్పిడి రుసుము పడుతుంది. జర్మన్ కొనుగోలుదారులకు అనువుగా ఉంటుందని పౌండ్ల ఖాతా ఉన్న మనిషి ధరలన్నీ యూరోల్లో పెడితే, వాళ్లకు ఒరిగేది లేకపోగా తనకు ఆ 2.5 శాతం తగులుతుంది. తన కరెన్సీలోనే ధర పెట్టాలి. చూసేవాళ్లకు ఎట్సీయే వాళ్ల కరెన్సీలో చూపిస్తుంది.

డాలర్ల దగ్గర ఇంకో చిక్కు. అమెరికాలో బ్యాంకుల మధ్య డబ్బు రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి నెమ్మదిగా, చవకగా వెళ్లే ఏసీహెచ్, రెండోది వైర్. రెంటికీ రూటింగ్ నంబరు వేరుగా ఉండొచ్చు. హోల్‌సేల్‌గా కొనే అమెరికన్ దుకాణదారుకు ఏసీహెచ్ నంబరిస్తే, ఆయన వైర్ పంపితే, డబ్బు వెనక్కి పోవచ్చు. ఇన్‌వాయిస్ మీద ఏ దారిలో పంపాలో కూడా రాయడం మంచిది.

అసలు ఇబ్బంది పెట్టేవి వాపసులు. యూరప్‌లో ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును 14 రోజుల్లోగా కారణం చెప్పకుండా తిప్పి పంపే హక్కు కొనుగోలుదారుకు ఉంది. క్రిస్మస్‌కు అమ్ముడుపోయిన కుషన్ కవర్లలో కొన్ని జనవరిలో తిరిగొస్తాయి. ఆ డబ్బును అమెజాన్ తర్వాతి చెల్లింపులోంచి మినహాయిస్తుంది. జనవరిలో అమ్మకాలు పడిపోయి అది చాలకపోతే, అమ్మకందారు ఇచ్చిన కార్డు మీద వసూలు చేయవచ్చు. ఆ కార్డు పౌండ్లదైతే యూరోల బాకీ కార్డు రేటుతో పౌండ్లవుతుంది. డిసెంబరులో వచ్చిన యూరోలన్నీ మార్చేసుకున్నవాళ్లకు ఇది రెండు వైపులా నష్టం. తన దుకాణంలో నూటికి ఎన్ని వెనక్కొస్తాయో పాత లెక్కల్లో చూసుకుని, ఆ మేరకు యూరోలు యూరోల్లోనే ఉంచుకోవాలి.

అలాగని రేటు పెరుగుతుందని కుప్ప పోసుకుని కూర్చోవడమూ వ్యాపారం కాదు. 2016 జూన్ 23న బ్రిటన్‌లో బ్రెగ్జిట్ ఓటింగ్ జరిగింది. ఆ రాత్రి మొదట్లో పౌండుకు దాదాపు 1.50 డాలర్లు పలికింది. తెల్లారి ఫలితం తేలేసరికి 1.33 కిందికి పడింది. డాలర్లలో బాకీ ఉండి పౌండ్లు దాచుకున్న వ్యాపారి ఆ ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నది, ఏళ్ల తరబడి రుసుముల్లో ఆదా చేసినదానికన్నా ఎక్కువై ఉండొచ్చు. రాబోయే రెండు నెలల ఖర్చుకు సరిపడా ఉంచి మిగతాది వచ్చినప్పుడల్లా మార్చుకోవడం చిన్న దుకాణానికి నప్పే పద్ధతి.

డబ్బు ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. బ్రిటన్‌లో ఇలాంటి ఖాతాలిచ్చే సంస్థల్లో చాలా వాటికి ఎలక్ట్రానిక్ మనీ లైసెన్సు ఉంటుంది, బ్యాంకు లైసెన్సు కాదు. ఖాతాదారుల సొమ్మును అవి తమ సొమ్ముతో కలపకుండా వేరుగా ఉంచాలి. కానీ బ్యాంకు డిపాజిట్లకు ఉండే ప్రభుత్వ పరిహార పథకం వాటికి వర్తించదు. 2020 జూన్‌లో జర్మనీలో వైర్‌కార్డ్ కుప్పకూలినప్పుడు, బ్రిటన్ నియంత్రణ సంస్థ దాని బ్రిటిష్ శాఖ పనిని జూన్ 26న నిలిపేసింది. ఆ శాఖ మీద నడిచే వేరే కంపెనీల కార్డులు వాడేవాళ్లు కూడా కొన్ని రోజులు తమ డబ్బు తాము తీసుకోలేకపోయారు. జీతాల డబ్బు, పన్ను డబ్బు మామూలు బ్యాంకులో ఉంచాలనేది అందుకే.

ఇప్పుడు పెడన వైపు చూద్దాం. లెస్టర్ నుంచి పౌండ్లు అందుకునే అద్దకం వ్యాపారి కూడా ఎగుమతిదారే. ఆయనా పౌండ్లు పౌండ్లుగానే ఉంచుకోవచ్చా? ఉంచుకోవచ్చు, అయితే దారి వేరు. భారత్‌లో నివసించేవాళ్లు విదేశీ కరెన్సీని తమకు నచ్చినంత కాలం అట్టే పెట్టుకోవడానికి వీల్లేదు. విదేశీ మారక వ్యాపారానికి అనుమతి ఉన్న బ్యాంకులో ఎగుమతిదారులకు ‘ఈఈఎఫ్‌సీ’ ఖాతా తెరుస్తారు. అది వడ్డీ లేని కరెంటు ఖాతా. ఎగుమతి రాబడి నూటికి నూరు శాతం అందులో వేసుకోవచ్చు. కానీ ఒక నెలలో జమ అయిన మొత్తాన్ని తర్వాతి నెల ఆఖరు రోజులోగా అనుమతించిన చెల్లింపులకు వాడాలి, లేదా రూపాయలు చేసేయాలి. మే 3న పౌండ్లు వస్తే జూన్ 30 దాకా గడువు. మే 30న వచ్చినా గడువు జూన్ 30నే. విదేశీ ఎగ్జిబిషన్‌లో స్టాలు అద్దె, దిగుమతి చేసుకునే రంగుల ఖరీదు వంటివి ఈలోగా కట్టాల్సి ఉంటే ఈ ఖాతా అక్కరకొస్తుంది. అలాంటి ఖర్చు లేకపోతే ఎనిమిది వారాల గడువులో పెద్దగా లాభం లేదు. 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు ఎగుమతిదారులు విదేశాల్లోనూ ఖాతా తెరుచుకోవచ్చని ప్రకటించింది. అక్కడా దిగుమతులకు వాడని డబ్బుకు అదే తరహా గడువు.

కాబట్టి లెస్టర్ బంధువు తన ఫోనులోని అరలు చూపించి ‘నువ్వూ ఇది తెరువు’ అంటే పెడన వ్యాపారి తొందరపడకూడదు. ముందు తన బ్యాంకు మేనేజర్‌ను రెండు విషయాలు అడగాలి. వచ్చే డబ్బుకు ఎగుమతి రాబడి కింద పర్పస్ కోడ్ పడుతుందా? విదేశీ జమకు రుజువుగా బ్యాంకు పత్రం ఇస్తుందా? ఆ పత్రం లేకపోతే, సరుకు పంపినట్టు షిప్పింగ్ బిల్లు ఉన్నా, దాని డబ్బు వచ్చినట్టు చూపలేక ఆయన పేరు మీద ఆ బిల్లు తేలకుండా ఉండిపోతుంది.