పరగడుపు అంటే కాఫీకి ముందా, తర్వాతా?

మా అత్తయ్యకు 78 ఏళ్లు. డాక్టరు రాసిన చీటీని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించడం నా పని. మొదటిసారి మాటకు మాట దింపేసి చేతులు దులుపుకున్నాను. వారం తిరిగేసరికి, 15 షుగర్ మాత్రల షీటులో ఒకటి మిగలాల్సింది రెండు మిగిలాయి.

అపోహ: ‘ఆఫ్టర్ ఫుడ్’ అంటే అన్నం తిన్నాక.

వాస్తవం: ఏదైనా తిన్నాక అని. చీటీలో ‘మెట్‌ఫార్మిన్ బీడీ, ఆఫ్టర్ ఫుడ్’ అని ఉంది. బీడీ అంటే రోజుకు రెండుసార్లు. నేను ‘రెండు పూటలా అన్నం తిన్నాక’ అని రాశాను. “పొద్దున ఇడ్లీలేగా తింది, అన్నం ఎక్కడ తిన్నాను?” అంది అత్తయ్య. అందుకని మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటోంది. శనివారం ఒంటిపూట, రాత్రికి ఉప్మా. అంటే ఆ రోజు ఒక్కటే. మిగిలిన మాత్ర అదే. ఈ మందు ఖాళీ కడుపున పడితే వికారం, విరేచనాలు రావచ్చు. అందుకే తిన్నాక వేసుకోమంటారు. ఇడ్లీ అయినా, ఉప్మా అయినా చాలు. ఇప్పుడు కాగితం మీద ‘పొద్దున టిఫిన్ తినగానే 1, రాత్రి ఏది తిన్నా తినగానే 1’ అని ఉంది.

అపోహ: కాఫీ తాగినా పరగడుపే.

వాస్తవం: మన ఇళ్లలో కాఫీని తిండిగా లెక్కేయరు. థైరాయిడ్ మాత్ర మాత్రం లెక్కేస్తుంది. కాఫీతో కలిస్తే అది ఒంటికి సరిగా పట్టదు. లేవగానే మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట ఆగాలి. గంటయితే ఇంకా మంచిది. కాల్షియం మాత్రకైతే నాలుగు గంటల ఎడం కావాలి.

అపోహ: హెచ్ఎస్ అంటే ‘పడుకునే ముందు’ అని రాస్తే సరిపోతుంది.

వాస్తవం: “ఏ నిద్రకు?” అని అత్తయ్య అడిగేదాకా నాకూ తట్టలేదు. ఆమె మధ్యాహ్నం భోంచేశాక కునుకు తీస్తుంది. చీటీలో హెచ్ఎస్ అని ఉన్నది మగత తెచ్చే నరాల మాత్రకు. రెండు నిద్రలకూ వేసుకుంటే సాయంత్రం లేచేటప్పుడు తూలి పడొచ్చు. ‘రాత్రి పడుకునే ముందు మాత్రమే’ అని రాయాలి.

అపోహ: ఎస్ఓఎస్ అంటే ప్రాణం మీదికొస్తే వేసుకునేది.

వాస్తవం: ఓడల వాళ్ల ప్రమాద సంకేతానికీ దీనికీ సంబంధం లేదు. ‘సి ఓపుస్ సిట్’ అనే లాటిన్ మాటలకు పొట్టి రూపం ఇది, అర్థం ‘అవసరమైతే’. కానీ అవసరం ఏమిటో రాయకపోతే ఆ అనువాదమూ దండగే. దేనికి, ఎంత ఎడంతో, రోజుకు ఎన్నింటికి మించకుండా అని డాక్టరును అడిగి ఆ మూడూ రాసుకోవాలి.

అపోహ: ‘వారానికి ఒకసారి’ అన్నాక ఇక పొరపాటు జరగదు.

వాస్తవం: కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను అలవాటులో రోజూ వేసేసుకున్న వాళ్లున్నారు. నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణమే పోవచ్చు. దాని పక్కన వారం పేరే రాయాలి: ‘బుధవారం మాత్రమే’.