గడియారం ఇస్తే చావు కబురా?

2015 జనవరిలో బ్రిటన్ రవాణా శాఖ మంత్రి సుసాన్ క్రేమర్ తైపే మేయర్ కో వెన్-జె కి ఒక జేబు గడియారం కానుకగా ఇచ్చారు. మర్యాదకే ఇచ్చారు, కానీ ఆమె తర్వాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

మాండరిన్‌లో ‘సుంగ్’ అంటే కానుకగా ఇవ్వడం, ‘జోంగ్’ అంటే గోడ గడియారం. రెండూ కలిపి పలికితే, పెద్దవాళ్ళ చివరి ఘడియలో దగ్గరుండి సాగనంపడం అనే మాట కూడా అచ్చం అలాగే వినిపిస్తుంది. స్వరంలో కూడా తేడా లేదు. రాతలో అక్షరాలు వేరు కాబట్టి కాగితం మీద తప్పు దొరకదు, చెవికే దొరుకుతుంది.

‘సోఫా కొంటే గడియారం ఉచితం’ అని రేడియోలో వినిపిస్తే ఏమవుతుందో ఊహించండి! అందుకే నినాదం రాసేవాళ్ళు దాన్ని స్వర గుర్తులు లేకుండా కంప్యూటర్‌లో songzhong అని కొట్టి చూడాలి. కింద వచ్చే అక్షరాల జాబితాలో చావు మాట కనిపిస్తే ప్రమాదం తెలిసిపోతుంది. మాటలు అటూ ఇటూ మార్చడం కన్నా కానుకనే మార్చడం మేలు. చేతి గడియారానికి పేరు వేరు, ‘షోబ్యావ్’. అయినా దాన్నీ ఇష్టపడని వాళ్ళుంటారు, కప్పులిస్తే గొడవే లేదు.

స్వరం మారితే అర్థం తిరగబడే జంటలు ఇంకో రకం. ‘మై’ని దించి లేపితే కొనడం, గభాలున దించితే అమ్మడం. పాటగా కట్టిన ప్రకటనలో ఆ దించడాన్ని బాణీ మింగేస్తుంది. అలాంటప్పుడు కొనేదేమిటో పక్కనే చెప్పాలి.